శుభలేఖలో రెండు లైన్లు మార్చాలంటే ఫోటోషాప్ కొనాలా?

ఫోటోషాప్, గింప్, క్రిటా ఈ మూడింట్లో ఏది మంచిదని అడిగితే జవాబు తేలదు. చేతికి వచ్చిన ఫైలు ఏ రూపంలో ఉంది, పని ముగిశాక ఏ రూపంలో బయటికి వెళ్లాలి అని అడిగితే చాలావరకు తేలిపోతుంది. పెళ్లి పత్రికలో ముహూర్తం మార్చడం, ఫ్లెక్సీలో ఒకరి పేరు తీసి ఇంకొకరి పేరు పెట్టడం, కరపత్రం మూలన ఉన్న బొమ్మను తొలగించడం లాంటి పనులకు ఏటా చందా కట్టి ఫోటోషాప్ ఉంచుకోవాలా, ఉచితంగా దొరికే గింప్‌తో సరిపెట్టుకోవచ్చా అన్నది ఆ ఫైలును బట్టే ఉంటుంది.

ఫోటోషాప్ 1990లో మార్కెట్లోకి వచ్చింది. 2012 నాటి సీఎస్6 వరకు ఒకసారి డబ్బు కట్టి కొనుక్కునే వీలుండేది. 2013 నుంచి కొత్త వెర్షన్లన్నీ చందా పద్ధతిలోనే వస్తున్నాయి. గింప్‌ను 1995లో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో స్పెన్సర్ కింబల్, పీటర్ మాటిస్ అనే ఇద్దరు విద్యార్థులు మొదలుపెట్టారు. 2025 మార్చిలో వచ్చిన 3.0 దానికి చాలా ఏళ్ల తర్వాత జరిగిన పెద్ద మార్పు. క్రిటా ప్రధానంగా బొమ్మలు వేసేవారి కోసం తయారైంది. గింప్‌నూ క్రిటానూ వాటి సొంత వెబ్‌సైట్ల నుంచి డబ్బు కట్టకుండా దించుకోవచ్చు, వ్యాపారానికీ వాడుకోవచ్చు.

పీఎస్‌డీలో ఏముంది?

ఫోటోషాప్ సొంత ఫైలు పీఎస్‌డీ. అందులో నేపథ్యం ఒక పొర, వినాయకుడి బొమ్మ ఒక పొర, పెళ్లికొడుకు పేరు ఒక పొర, ఇలా పొరలు పొరలుగా ఉంటాయి. అక్షరాల పొర ఫోటోషాప్‌లో తెరిచినప్పుడు నిజంగా అక్షరాలే. దాని మీద క్లిక్ చేస్తే కర్సర్ వస్తుంది, ఒక మాట చెరిపి ఇంకో మాట కొట్టవచ్చు, ఏ ఫాంటు, ఎంత సైజు అన్నది పక్కనే కనిపిస్తుంది.

అదే పీఎస్‌డీని గింప్‌లో తెరిస్తే పొరలు విడివిడిగానే వస్తాయి గానీ అక్షరాల పొర మామూలుగా బొమ్మగా మారి వస్తుంది. కర్సర్ పెట్టి సరిదిద్దే వీలు ఉండదు. ఇక్కడే చాలామంది గింప్ పనికిరాదని పక్కన పెట్టేస్తారు, అది తొందరపాటు. అక్షరాలు వేరే పొరలో ఉన్నాయంటే వాటి కింద నేపథ్యం చెక్కుచెదరకుండా ఉందన్న మాట. పాత పొర పక్కనున్న కన్ను గుర్తు నొక్కితే పాత మాటలు మాయమవుతాయి, ఆ చోట కొత్తవి రాసుకోవచ్చు. పాతవాటిని వెంటనే మాయం చేయకుండా ముందు సగం పలచన చేసి, వాటి మీదే కొత్తవి పెట్టి సైజు, ఎత్తు కుదుర్చుకుంటే ఇంకా మేలు. పొరల జాబితాలో పేర్లు కూడా ఉపయోగపడతాయి. ఫోటోషాప్ అక్షరాల పొరకు అందులోని మాటలనే పేరుగా పెడుతుంది కాబట్టి ఏ పొరలో ఏ వాక్యం ఉందో వెతుక్కోనక్కర్లేదు.

అసలు ఇబ్బంది ఫైలును తిరిగి ఇచ్చేటప్పుడు వస్తుంది. గింప్ కూడా పీఎస్‌డీగా ఎగుమతి చేస్తుంది, కానీ అందులో రాసిన అక్షరాలు బొమ్మలుగానే వెళ్తాయి. అవతల ఫోటోషాప్‌లో పనిచేసే డిజైనర్ ఆ ఫైలు తెరిస్తే అక్షరాలను సరిదిద్దలేరు. ఒకే ఫైలు ఇద్దరు ముగ్గురి మధ్య రోజూ తిరిగే చోట ఉచిత పరికరం మిగిల్చిన డబ్బు ఈ తిప్పలకే పోతుంది. ప్రింటింగ్ ప్రెస్‌కు చివరికి వెళ్లేది ఒక జేపెగ్గో పీడీఎఫ్ఫో అయితే ఈ బాధ లేదు.

తెలుగు అక్షరాల పరీక్ష

తెలుగు పనికి ఇంగ్లీషు సమీక్షల్లో కనిపించని ఒక కొలత ఉంది: ఒత్తులు. 'లక్ష్మి' అని కొడితే కంప్యూటర్‌లో వరుసగా నిలిచేవి ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. వాటిని కలిపి సరైన ఆకారంగా తీర్చే పని సాఫ్ట్‌వేర్‌లోని అక్షర కూర్పు యంత్రాంగానిది. గింప్‌లో ఈ పని హార్ఫ్‌బజ్ అనే ఉచిత గ్రంథాలయం చేస్తుంది. లినక్స్‌లోనూ బ్రౌజర్లలోనూ తెలుగు సరిగ్గా కనిపించడానికి కారణం చాలావరకు అదే. అందుకే గింప్‌లో యూనికోడ్ తెలుగుకు ప్రత్యేకంగా ఏ అమరికా అక్కర్లేదు. క్రిటాలో 2023 అక్టోబరులో వచ్చిన 5.2 వెర్షన్ నుంచి అక్షరాల కూర్పును కొత్తగా రాశారు. అంతకు ముందరి వెర్షన్లను తెలుగు రాతకు నమ్ముకోకపోవడం మంచిది.

విచిత్రం ఏమిటంటే ఈ విషయంలో డబ్బు కట్టిన సాఫ్ట్‌వేరే ఎక్కువ ఇబ్బంది పెట్టింది. పాత ఫోటోషాప్ వెర్షన్లలో ప్రిఫరెన్సెస్‌లోని Type విభాగానికి వెళ్లి Middle Eastern and South Asian అన్నదాన్ని ఎంచుకుని, పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో World-Ready కంపోజర్‌ను ఆన్ చేస్తే గానీ తెలుగు కుదిరేది కాదు. అది తెలియనివారు ఒత్తులు విడిపోయిన పత్రికలను అలాగే అచ్చేయించిన సందర్భాలు ఊళ్లలో ఇప్పటికీ గోడల మీద కనిపిస్తాయి. కొత్త వెర్షన్లలో ఈ చిక్కు చాలావరకు తీరింది, కానీ పాత కంప్యూటర్‌లో పాత వెర్షన్ ఉంటే ముందు చూడాల్సింది ఇదే.

పరీక్ష సులువు. ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా 'లక్ష్మి, రాష్ట్రం, స్త్రీ, జ్యోత్స్న' అని నాలుగు మాటలు కొట్టి చూడాలి. పొల్లు గుర్తు మాట మధ్యలో పైకి కనిపించినా, ఒత్తు కిందికి రాకుండా పక్కన నిలబడినా కూర్పు విఫలమైనట్టే. 'జ్యోత్స్న'లో త కింద రెండు ఒత్తులు రావాలి కాబట్టి బలహీనమైన ఫాంటు అక్కడ దొరికిపోతుంది. నాలుగూ బాగుంటే మిగతా తెలుగు కూడా దాదాపు బాగుంటుంది.

ఇంకో చిక్కు అను ఫాంట్ల వంటి పాత పద్ధతిది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో డీటీపీ కేంద్రాల పాత ఫైళ్లలో చాలావాటిలో తెలుగు యూనికోడ్‌లో ఉండదు. ఇంగ్లీషు అక్షరాల సంఖ్యల వెనక తెలుగు ఆకారాలు దాచి ఉంచిన ఫాంట్లు అవి. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో ఫైలును ఫోటోషాప్‌లో తెరిస్తే ఫాంటు లేదన్న హెచ్చరిక వస్తుంది. కాదని ముందుకెళ్లి మార్చబోతే పెళ్లికూతురి పేరు ఇంగ్లీషు అక్షరాల గందరగోళంగా మారుతుంది. అక్కడి నుంచి కాపీ చేసి గింప్‌లో అతికించినా అదే గందరగోళం వస్తుంది. కాబట్టి ఇలాంటి ఫైలు చేతికొస్తే ఫోటోషాప్ ఉండటం ఒక్కటే చాలదు, ఆ ఫాంట్లూ వాటి కీబోర్డూ ఉండాలి. అవి లేనప్పుడు మార్చాల్సిన నాలుగైదు లైన్లను యూనికోడ్‌లో మళ్లీ కొట్టుకోవడమే దగ్గరి దారి. ఆ పని ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా ఒకటే.

యూనికోడ్ ఫాంట్లకు ఇప్పుడు లోటు లేదు. సిలికానాంధ్ర విడుదల చేసిన మండలి, రామభద్ర, ఎన్టీఆర్, సూరన్న, మల్లన్న మొదలైనవి గూగుల్ ఫాంట్స్‌లో ఉన్నాయి. వీటిని వ్యాపార పనులకూ ఉచితంగా వాడుకోవచ్చు. శీర్షికలకు రామభద్ర నిండుగా ఉంటుంది, చిన్న అక్షరాలకు మండలి తేలిగ్గా చదవడానికి వీలుగా ఉంటుంది. పాత పత్రికలోని ఫాంటుతో అచ్చంగా కలిసేది దొరక్కపోతే ఒక్క లైనును మాత్రమే మార్చి అతుకు కనిపించేలా వదలకూడదు. ఆ పేరా మొత్తాన్ని కొత్త ఫాంటులో రాయాలి. చూసేవాళ్లకు అది డిజైన్‌లో భాగంలా అనిపిస్తుంది.

ఒక శుభలేఖ

5 అంగుళాల వెడల్పు, 7 అంగుళాల ఎత్తు ఉన్న శుభలేఖ ఒకటి ఉందనుకుంటే, అంగుళానికి 300 చుక్కల లెక్కన అది 1500 × 2100 పిక్సెళ్లు. పీఎస్‌డీ దొరకలేదు, ఉన్నదల్లా జేపెగ్. కల్యాణ మండపం పేరూ ముహూర్తం తేదీ మారాయి, కుడివైపు పై మూలన ఉన్న నెమలి బొమ్మ వద్దన్నారు. ఇదంతా గింప్‌లో సాధ్యమే.

మొదటి జాగ్రత్త ఫైలు విషయంలో. వాట్సాప్‌లో ఫోటోగా వస్తే కొలతలు తగ్గిపోతాయి, అక్షరాల అంచులు మసకబారతాయి. డాక్యుమెంటుగా పంపమని అడగాలి. తెరిచాక Image > Print Size చూడాలి. అక్కడ 300కు బదులు 72 ఉంటే పిక్సెళ్లు మారకుండా ఆ అంకెను మాత్రం 300 చేయాలి. లేకపోతే 12 పాయింట్ల అక్షరం 12 పిక్సెళ్లే వచ్చి చీమ తలకాయంత కనిపిస్తుంది. 300 దగ్గర అదే 12 పాయింట్లు 50 పిక్సెళ్లు. కొత్తవాళ్లు గింప్‌లో అక్షరాలు చిన్నగా వస్తున్నాయని అనుకోవడానికి తరచూ ఇదే కారణం.

తర్వాత ఉన్న ఒక్క పొరకు నకలు తీసుకుని, దాని మీదే పని చేయాలి. పాత మండపం పేరు వెనక సాదా రంగే ఉంటే చతురస్ర ఎంపికతో చుట్టి, పక్కన రంగు తీసుకుని నింపితే సరిపోతుంది. కానీ శుభలేఖల్లో సాదా రంగు అరుదు. లేత గోధుమ రంగు పైనుంచి కిందికి కొద్దికొద్దిగా ముదురుతూ ఉంటుంది, లేదా కాగితం గరుకుదనం ఉంటుంది. ఒకే రంగుతో నింపితే అచ్చులో అతుకు పట్టీలా తెలుస్తుంది. ఇక్కడ క్లోన్ పరికరం పనికొస్తుంది. అదే ఎత్తులో, అక్షరాలు లేని పక్క ప్రదేశం నుంచి నేపథ్యాన్ని తీసుకుని పాత అక్షరాల మీద పూయాలి. రంగు పైనుంచి కిందికి మారుతుంది కాబట్టి అడ్డంగా తీసుకుంటే కలుస్తుంది, పైనుంచి తీసుకుంటే కలవదు. చివర్లో హీల్ పరికరంతో అంచులు సర్దాలి. పని కుదిరిందో లేదో చూడటానికి బొమ్మను 100 శాతం దగ్గర ఒకసారి, బాగా చిన్నది చేసి ఒకసారి చూడాలి. మచ్చలు రెండోసారి బయటపడతాయి.

కొత్త మాటలు రాసేటప్పుడు రంగును పాత అక్షరం నడిమి నుంచి తీసుకోవాలి. అంచు నుంచి తీసుకుంటే నేపథ్యం కలిసి పలచటి రంగు వస్తుంది. జేపెగ్‌లో పాత అక్షరాలు కొద్దిగా మెత్తబడి ఉంటాయి, కొత్తవి కత్తి అంచులా పదునుగా వస్తాయి. ఆ తేడా ఎవరికీ చెప్పకుండానే కళ్లకు తగులుతుంది. కొత్త పొరకు అర పిక్సెల్ గాసియన్ బ్లర్ ఇస్తే రెండూ కలిసిపోతాయి. గింప్ 3.0 నుంచి ఇలాంటి ఫిల్టర్లు పొర మీద విడిగా నిలిచి ఉంటాయి. బ్లర్ ఇచ్చాక కూడా తేదీలో తప్పు దిద్దుకోవచ్చు. 2.10లో అయితే ఫిల్టర్ వేయగానే అక్షరాలు బొమ్మగా స్థిరపడేవి, తేదీ మారితే మళ్లీ మొదటికి రావాలి. ఉచిత పరికరం వద్దని కొన్నేళ్ల కిందట చెప్పిన కారణాల్లో పెద్దది దీంతో పోయింది.

నెమలి సంగతి ఇంకా తేలిక. దాని వెనక అల్లికలాంటి అంచు డిజైన్ ఉంటే ఫోటోషాప్‌లో Content-Aware Fill చుట్టుపక్కల నుంచి లెక్కగట్టి ఖాళీని నింపుతుంది. ఎంపిక గీసి ఆదేశమిస్తే అయిపోతుంది, అందులో దానికి సాటి లేదు. గింప్‌కు ఇదే పని చేసే రీసింథసైజర్ అనే ప్లగిన్ ఉంది. దాన్ని విడిగా వేసుకోవాలి, అది గింప్ వెర్షన్‌కు సరిపడేదై ఉండాలి. క్రిటాలో స్మార్ట్ ప్యాచ్ పరికరం చిన్న మచ్చలకు బాగుంటుంది. అయితే శుభలేఖ అంచులు చాలావరకు ఎడమా కుడీ ఒకేలా ఉంటాయి. నెమలి లేని ఎడమ మూలను కోసి, అడ్డంగా తిప్పి, కుడి మూలన అతికిస్తే ఏ లెక్కలూ లేకుండా పని అయిపోతుంది. డబ్బు కట్టిన పరికరం నింపినదాని కన్నా ఇది తరచూ శుభ్రంగా ఉంటుంది, ఎందుకంటే డిజైన్ అసలు గీతలే వస్తాయి.

భద్రపరచడంలో ఒక చిన్న తిరకాసు ఉంది. గింప్‌లో Save నొక్కితే దాని సొంత xcf రూపంలోనే నిలుస్తుంది. జేపెగ్ కావాలంటే Export As వాడాలి. రెండూ చేయాలి. xcf ఉంచుకోకపోతే మర్నాడు పురోహితుడు ముహూర్తం ఐదు నిమిషాలు జరిపినప్పుడు క్లోన్ పని అంతా మళ్లీ చేయాల్సి వస్తుంది.

వంపు అక్షరాలు, మెరుపులు

పేర్లు విల్లులా వంగి ఉండటం, బంగారు అంచు, నీడ వంటివి ఉన్నప్పుడు ఫోటోషాప్ ముందుంటుంది. వంచిన తర్వాత కూడా అక్షరాలు అక్షరాలుగానే ఉంటాయి. గింప్‌లో మాటలను ఒక గీత వెంట వంచితే అవి గీతలుగా మారిపోతాయి, తప్పు దిద్దాలంటే మళ్లీ వంచాలి. అంచు గీతకు మాత్రం 3.0లో అక్షరాల పరికరంలోనే వీలు ఉంది, నీడను ఫిల్టర్‌గా పెట్టుకోవచ్చు. ఫోటోషాప్ తరహా లేయర్ స్టైళ్లు, అంటే పొరకు అంటిపెట్టుకుని ఉండే నీడ, అంచు, మెరుపు వంటివి, క్రిటాలో ఉన్నాయి. ఆ ఒక్క అవసరానికి క్రిటాను గింప్ పక్కన ఉంచుకోవచ్చు. రోజూ మాటలు మార్చే పనికి మాత్రం గింపే సుఖం. క్రిటా కుంచె పట్టేవారిది. పేరును చేత్తో గీసి రంగులద్దాలనుకునే కళాకారులకు ఫోటోషాప్ కన్నా అదే బాగా నప్పుతుంది.

అచ్చు దగ్గర

ఫ్లెక్సీ, ఫోన్‌లో పంపే ఆహ్వానం, ఇంటి ప్రింటర్ ఈ మూడింటికీ మామూలు ఆర్‌జీబీ జేపెగ్ చాలు. ఆఫ్‌సెట్ అచ్చు వేరు. అక్కడ నాలుగు సిరాల సీఎమ్‌వైకే లెక్క నడుస్తుంది. ఆర్‌జీబీలోని నలుపును సీఎమ్‌వైకేలోకి మారిస్తే అది నాలుగు సిరాల మిశ్రమం అవుతుంది. నాలుగు ప్లేట్లలో ఒకటి వెంట్రుకంత జరిగినా చిన్న నల్ల అక్షరాల చుట్టూ నీలి, గులాబీ అంచులు కనిపిస్తాయి. ఒత్తులు సన్నగా ఉండే తెలుగులో అది ఇంకా అన్యాయంగా కనిపిస్తుంది. ఫోటోషాప్‌లో ఫైలును సీఎమ్‌వైకేలో పెట్టి అక్షరాలకు నల్లసిరా మాత్రమే 100 శాతం ఇవ్వవచ్చు, పీడీఎఫ్‌లో అక్షరాల అంచులను పదునుగా ఉంచవచ్చు. గింప్ లోపల పని ఆర్‌జీబీలోనే. 3.0 జేపెగ్, టిఫ్, పీఎస్‌డీలను సీఎమ్‌వైకేగా ఎగుమతి చేస్తుంది గానీ, ఒక్క నల్లసిరాతో అక్షరాలు కావాలంటే ఆ దారిలో దొరకవు.

దీనికి ఉచిత మార్గం లేకపోలేదు. బొమ్మను గింప్‌లో సిద్ధం చేసి, అక్షరాలను స్క్రైబస్ అనే ఉచిత పేజీ అమరిక సాఫ్ట్‌వేర్‌లో దాని మీద పెట్టి పీడీఎఫ్ తీయాలి. స్క్రైబస్‌లో నల్లసిరా విడిగా ఇవ్వవచ్చు, 1.5.3 వెర్షన్ నుంచి తెలుగు ఒత్తులు కూడా కలుస్తాయి. కొత్త సాఫ్ట్‌వేర్ ఒకటి నేర్చుకునే ఓపిక అదనం. నెలకు ఒకటి రెండు ఆఫ్‌సెట్ పనులుంటే ఆ ఓపిక గిట్టుబాటవుతుంది. వారానికి పదుంటే కాదు.

చందా లెక్క

ఫోటోషాప్ ధర చెప్పుకునేటప్పుడు నెలకు ఎంత అన్నది సగం మాటే. అడోబీ అమ్మే ప్లాన్లలో ఎక్కువమంది తీసుకునేది ఏడాది ఒప్పందం మీద నెలనెలా కట్టేది. పేరుకు నెలవారీదిలా కనిపిస్తుంది గానీ ఒప్పందం 12 నెలలది. మొదటి 14 రోజుల్లో మానుకుంటే డబ్బు వెనక్కి వస్తుంది. ఆ తర్వాత మధ్యలో మానుకుంటే మిగిలిన నెలల మొత్తంలో సగం రుసుముగా కట్టించుకోవడం వారి సాధారణ నియమం. నాలుగు నెలలు వాడి ఆపేస్తే మిగిలినవి ఎనిమిది, అందులో సగం నాలుగు. అంటే నాలుగు నెలల వాడకానికి ఎనిమిది నెలల డబ్బు. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024 జూన్‌లో ఈ రుసుమును కనిపించకుండా దాచారంటూ అడోబీ మీద కేసు పెట్టింది. ఒప్పందం లేని నెలవారీ ప్లాన్ నెలకు ఎక్కువైనా, పెళ్లిళ్ల సీజన్‌లో రెండు నెలలే పని ఉండేవారికి అదే చవక. ఫోటోగ్రఫీ ప్లాన్‌లో కూడా ఫోటోషాప్ ఉంటుంది కాబట్టి కొనే ముందు రెండు ధరలూ పక్కపక్కన పెట్టి చూడాలి.

కంప్యూటర్ ఖర్చు కూడా ఈ లెక్కలోదే. కొత్త ఫోటోషాప్ కనీసం 8 జీబీ ర్యామ్ అడుగుతుంది, 16 ఉంటే మేలంటుంది. లినక్స్ మీద అది అధికారికంగా నడవదు. 4 జీబీ ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో కూడా గింప్ 1500 × 2100 పిక్సెళ్ల శుభలేఖను తెరిచి పని కానిస్తుంది. పైరసీ కాపీ ఉచితమే కదా అనుకునేవారికి ఆ ఫైళ్లతో పాటు వచ్చే వైరస్ కస్టమర్ల ఫోటోలున్న కంప్యూటర్‌లోకే వస్తుందన్నది గుర్తుండాలి.

మొత్తం మీద జేపెగ్గులు దిద్దేవారికి, సొంతంగా మొదలుపెట్టి ముగించే పనులవారికి గింప్ చాలు. పొరలున్న పీఎస్‌డీ ఇచ్చి, పొరలున్న పీఎస్‌డీనే తిరిగి అడిగే ఖాతాదారులు నెలనెలా ఉంటే ఫోటోషాప్ చందా ఆ పని కూలిలోనే కలిసిపోతుంది. ఈ రెంటి మధ్య ఉన్నవారు పని వచ్చిన నెలలో మాత్రం చందా తీసుకోవచ్చు. అలా చేసేవారు గడువు తీరే ముందు రెండు పనులు చేసిపెట్టుకోవాలి: ప్రతి పీఎస్‌డీకీ ఒక పీడీఎఫ్ తీసి ఉంచడం, అందులోని తెలుగు మాటలను ఫాంటు పేరూ సైజుతో సహా ఒక మామూలు టెక్స్ట్ ఫైలులో రాసి అదే ఫోల్డర్‌లో పెట్టడం. చందా లేని నెలలో అదే శుభలేఖ మళ్లీ వస్తే గింప్‌లో ఆ లైన్లను అదే ఫాంటుతో, అదే కొలతతో తిరిగి పెట్టవచ్చు.